రోజుకి 2000 మి.గ్రా. విటమిన్ సి వాడుతున్న నాన్నకి రాయి పడింది. సంబంధం ఉందంటారా?

స్వాతి_మధురవాడ
అందరికీ నమస్కారం. నాన్నకి 56 ఏళ్ళు. పోర్టు దగ్గర ఒక యార్డులో సూపర్‌వైజరు, పొద్దస్తమానం ఎండలోనే ఉంటారు. ఏప్రిల్ ఆఖర్లో ఒకరోజు రాత్రి రెండింటికి ఎడమ నడుము దగ్గర మొదలై గజ్జల దాకా నొప్పి లాగేసింది. కూర్చోలేరు, పడుకోలేరు, మంచం చుట్టూ తిరుగుతూనే ఉన్నారు. స్కానింగులో మూత్రనాళం కింది భాగంలో 5 మిల్లీమీటర్ల రాయి ఉందన్నారు. నాలుగో రోజుకి దానంతట అదే పడిపోయింది. డాక్టరుగారు చెప్పినట్టు టీ జల్లెడలో పట్టి ల్యాబుకిచ్చాం. కాల్షియం ఆక్సలేట్ రాయి అని రిపోర్టు వచ్చింది.

నా ప్రశ్న ఇది. 2021లో కోవిడ్ రెండో వేవ్ అప్పుడు మొదలెట్టిన విటమిన్ సి నాన్న ఇప్పటికీ ఆపలేదు. పొద్దున 500 చప్పరించే బిళ్ళలు రెండు, సాయంత్రం ఇంటికొచ్చాక గ్లాసు నీళ్ళలో వేస్తే బుస్సుమని పొంగే 1000 బిళ్ళ ఒకటి. "అది మందేంటి, నిమ్మరసం లాంటిది" అంటారు. అందుకే డాక్టరుగారికి కూడా చెప్పలేదు, ఆయనా అడగలేదు. మందుల షాపులో అడిగితే "నీళ్ళలో కరిగే విటమినమ్మా, ఎక్కువైంది ఒంటేలుకి పోతుంది" అన్నారు. నిజమేనా?

సుబ్బారావు_సీతమ్మధార
షాపతను చెప్పింది నూటికి నూరు పాళ్ళు కరెక్టు. ఎ, డి లాంటివి కొవ్వులో నిలవ ఉంటాయి, సి ఉండదు. లైనస్ పాలింగ్ రెండు నోబెల్ బహుమతులు తెచ్చుకున్న మనిషి, ఆయనే గ్రాముల లెక్కన వాడాడు. నేను పన్నెండేళ్ళుగా రోజూ గ్రాము వేస్తున్నాను, రాయీ లేదు రప్పా లేదు. మీ నాన్నగారికి ఎండలో నీళ్ళు చాలక పడి ఉంటుంది.

బుజ్జి_పెందుర్తి
మాకు ఉసిరికాయ ఊరగాయ రోజూ ఉంటుందండి. అయితే అది కూడా మానేయాలా? మా అమ్మకి చిగుళ్ళ నుంచి రక్తం వస్తే డాక్టరే సి బిళ్ళ రాశారు మరి.

పాత_ల్యాబ్_మనిషి
బుజ్జిగారూ, ఊరగాయ జోలికి ఎవరూ రాలేదు, నిశ్చింతగా తినండి. చిగుళ్ళకి రాసింది లోటు తీర్చడానికి, అది వేరే లెక్క. ఇక్కడ మాట్లాడుతున్నది ఏళ్ళ తరబడి రోజూ వేస్తున్న 2000 గురించి. మన దేశపు లెక్క ప్రకారం మగవాళ్ళకి రోజుకి 80 మి.గ్రా. చాలు. ఒక మంచి జామకాయ తింటే అంతకన్నా ఎక్కువే వస్తుంది.

సుబ్బారావుగారూ, "మూత్రంలో పోతుంది" అన్న మాట సగం నిజం. నేను ఇరవై రెండేళ్ళు బయోకెమిస్ట్రీ ల్యాబులో ఒంటేలు సీసాలతోనే గడిపాను కాబట్టి ఆ మిగతా సగం చెప్తాను.

పేగు గోడ దగ్గర విటమిన్ సి ని లోపలికి మోసే ద్వారాలున్నాయి. సినిమా హాలు గేటు అనుకోండి. కొద్దిమంది వస్తే అందరూ లోపలికి పోతారు, ఒకేసారి వెయ్యిమంది వస్తే గేటు దగ్గరే ఆగిపోతారు. 1996లో అమెరికాలో ఏడుగురు ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్ళని నెలల తరబడి ఆసుపత్రిలోనే ఉంచి, తిండిలో సి లేకుండా చేసి, కొలిచిన మోతాదు ఇస్తూ రక్తం, మూత్రం పరీక్షించారు. ఒకేసారి 200 ఇస్తే దాదాపు అంతా ఒంటికి పట్టింది. 1250 ఇస్తే సగం కూడా పట్టలేదు. పైగా రోజుకి 100 తోనే రక్తంలోని తెల్లకణాలు నిండిపోయాయి. ఆ పైన ఎంత పోసినా కణంలో చోటు లేదు. రోజుకి 200 నుంచి 2500 కి పెంచినా రక్తంలో స్థాయి రెట్టింపు కూడా కాలేదు.

అంటే స్వాతిగారి నాన్నగారు వేసుకునే సాయంత్రం బిళ్ళ రెండు ముక్కలవుతుంది. ఒక ముక్క పేగులోనే ఉండిపోతుంది. రెండో ముక్క రక్తంలోకొచ్చి, పనేమీ లేక కిడ్నీ గుండా బయటికి పోతుంది. ఆ పోయే దాంట్లో కొంత సి గానే పోతుంది, కొంత విరిగి, రాయిలో కనబడిన ఆ ఆక్సలేట్‌గానే మారి పోతుంది. సుబ్బారావుగారి "పోతుంది" ఇక్కడ ఆగిపోయింది. ఏమై పోతుందో కూడా చూడాలి కదా.

స్వాతి_మధురవాడ
పేగులో మిగిలిన ముక్క వల్ల ఏమవుతుందండీ? నాన్నకి సాయంత్రం పూట కడుపు గుడగుడ, రెండు మూడుసార్లు లూజుగా వెళ్ళడం ఉంది. బయట టిఫిన్ వల్ల అనుకుంటున్నాం.

పాత_ల్యాబ్_మనిషి
పట్టకుండా మిగిలింది పేగులోకి నీళ్ళు లాగుతుంది. పెద్దవాళ్ళకి రోజుకి 2000 దాటొద్దని పెట్టిన హద్దు ఈ విరేచనాల లెక్కతో పెట్టిందే. కాబట్టి "2000 దాకా రాళ్ళు రావు" అని దాని అర్థం కాదు, చాలామంది ఇక్కడే పొరబడతారు. విరేచనాల్లో నీళ్ళు పోతే మూత్రం మరింత చిక్కబడుతుంది. ఎండలో పనిచేసే మనిషికి అది రెండో దెబ్బ.

ఒక చిన్న విషయం. నొప్పొచ్చిన రాత్రి మూత్ర పరీక్ష రిపోర్టు ఉంటే చూడండి. స్ట్రిప్ మీద రక్తం అన్న చోట ఏముంది? మైక్రోస్కోపులో ఎర్ర కణాలు ఎన్ని?

స్వాతి_మధురవాడ
ఇప్పుడే బీరువాలోంచి తీశాను. "బ్లడ్: నిల్". కింద మైక్రోస్కోపు దగ్గర "ఎర్ర కణాలు 15–20". ఇదేంటండీ, ఒకే కాగితం మీద రెండు మాటలు?

పాత_ల్యాబ్_మనిషి
నేను అనుకున్నదే. స్ట్రిప్ మీద రంగు మారాలంటే అక్కడ ఒక ఆక్సీకరణ చర్య జరగాలి. మూత్రంలో విటమిన్ సి దండిగా ఉంటే ఆ చర్యని మధ్యలోనే మింగేస్తుంది. రక్తం ఉన్నా రంగు రాదు. గ్లూకోజు గడి కూడా ఇలాగే మోసపోతుంది. మైక్రోస్కోపుకి ఆ బాధ లేదు, కణం ఉంటే కనబడుతుంది. ఆ రాత్రి స్కానింగ్ తీశారు కాబట్టి సరిపోయింది. స్ట్రిప్ మాత్రమే చూసి "రక్తం లేదు, గ్యాస్ నొప్పి" అని పంపేస్తే ఏమయ్యేది? సి బిళ్ళల సంగతి డాక్టరుకి చెప్పాలనడానికి ఇదొక్కటి చాలు.

మూర్తి_మెడికల్స్
షాపు వాళ్ళని మరీ ఆడిపోసుకోకండి. నా షాపులో ఇప్పటికీ ఆ నారింజ బిళ్ళలు పాకెట్ల లెక్కన అడిగి పట్టుకెళ్తారు, చీటీ అక్కర్లేదు. నేను వద్దంటే పక్క షాపుకెళ్తారు. అయినా రాళ్ళ సంగతి మీద ఏదో పెద్ద పరిశీలన ఉండాలి కదా? ఏడుగురు కుర్రాళ్ళతో తేల్చేస్తారా?

పాత_ల్యాబ్_మనిషి
న్యాయమైన ప్రశ్న. ఆ ఏడుగురు పేగు గేటు సంగతికి సాక్షులు, రాళ్ళకి కాదు. రాళ్ళ సంగతి 2013లో స్వీడన్ నుంచి వచ్చింది. 23 వేలకి పైగా మగవాళ్ళని 11 ఏళ్ళు గమనించారు. విడిగా విటమిన్ సి బిళ్ళలు, అక్కడ సాధారణంగా 1000 వి, వాడేవాళ్ళలో రాళ్ళు దాదాపు రెండింతలు కనిపించాయి. కొద్దికొద్దిగా అన్నీ ఉండే మల్టీవిటమిన్ వాడిన వాళ్ళలో ఆ తేడా లేదు. ఇది గమనించిన లెక్కే తప్ప ప్రయోగం కాదు, కాబట్టి "సి వల్లే" అని ముద్ర వేయలేం. అమెరికాలో చేసిన పరిశీలనలో మగవాళ్ళలో సంబంధం కనబడింది, ఆడవాళ్ళలో కనబడలేదు. ఎందుకన్నది తేలలేదు.

సుబ్బారావుగారికి పన్నెండేళ్ళుగా ఏమీ కాకపోవడమూ వింతేం కాదు. 2005లో వచ్చిన ఒక అధ్యయనంలో రోజుకి వెయ్యి చొప్పున రెండుసార్లు, అంటే సరిగ్గా స్వాతి నాన్నగారి మోతాదే, ఇస్తే పదిమందిలో నలుగురికి మూత్రంలో ఆక్సలేట్ పెరిగింది. ఆరుగురికి పెరగలేదు. ఎవరు ఆ నలుగురో మొహం చూసి చెప్పలేం.

సుబ్బారావు_సీతమ్మధార
అయితే నేను ఆ ఆరుగురిలో వాణ్ణి. నా మాట తప్పు కాలేదన్నమాట.

పాత_ల్యాబ్_మనిషి
అయ్యుండొచ్చు. 24 గంటల మూత్రం ఇస్తే తెలుస్తుంది. మీరెటూ ఇవ్వరనుకోండి.

నాని_గాజువాక
ఏటండి ఇదంతా, మా తమ్ముడి సంగతి కూడా ఇలాంటిదే అనిపిస్తంది. ఆడికి 24 ఏళ్ళు, తలసీమియా ఇంటర్మీడియా, పుట్టుకతోనే రక్తం సరిగ్గా తయారవని జబ్బులో మధ్యరకం. చిన్నప్పుడు రెండుసార్లు ఎక్కించారు గాని తర్వాత ఎప్పుడూ రక్తం ఎక్కించలేదు. హిమోగ్లోబిన్ 8 దగ్గిరే ఆడతా ఉంటాది. మొకం మెరుస్తాదని ఎవరో చెప్తే ఏడాదిగా 1000 సి బిళ్ళ అన్నం తిన్నాక వేసుకుంటన్నాడు. మొన్న ఆఫీసులో చెకప్‌కి ఒంట్లో ఐరన్ నిలవ చెప్పే ఫెరిటిన్ 940 వచ్చింది. డ్యూటీ డాక్టరు "రక్తం ఎక్కించుకోవట్లేదు కదా, ఐరన్ ఎక్కడినించొస్తాది, జ్వరం వల్లయి ఉంటాది" అన్నారు. దానికి తోడు రక్తం తక్కువుందని ఐరన్ టానిక్కు కూడా రాశారు. నాకు ఏటీ పాలుపోలేదు.

పద్మజ_అక్కయ్యపాలెం
నాని బాబూ, ముందు ఆ టానిక్కు పక్కన పెట్టించి రక్తవ్యాధుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు. మా పాపకి పదకొండేళ్ళు, తలసీమియాలో తీవ్రమైన రకం, మేజర్ అంటారు. మూడు వారాలకోసారి రక్తం ఎక్కిస్తాం. మాకు మొదటి రోజే చెప్పిన మాట, ఐరన్ మందు ముట్టకూడదని.

కానీ నాకూ ఒక అనుమానం. పాపకి రాత్రిళ్ళు పొట్ట మీద సన్న సూది గుచ్చి పంపుతో ఐరన్ తీసే మందు ఎక్కిస్తాం. ఆ మందుతో పాటు వేయమని డాక్టరుగారే విటమిన్ సి రాశారు, చిన్న మోతాదు. మీరేమో ఐరన్ ఉన్నవాళ్ళకి సి చెడ్డదంటున్నారు. ఆయన తప్పు రాశారా?

పాత_ల్యాబ్_మనిషి
నేనింకా ఐరన్ మాటే ఎత్తలేదమ్మా, నాని ఎత్తారు. కానీ మంచి చోట పట్టుకున్నారు. రెండూ విడివిడిగా చెప్తాను.

నాని, రక్తం ఎక్కించకపోతే ఐరన్ రాదన్నది మీ తమ్ముడి జబ్బులో నిజం కాదు. ఇంటర్మీడియాలో ఎముక మజ్జ ఎర్ర కణాలు చేయలేక చేస్తూ, చాలనట్టు సంకేతాలు పంపుతూనే ఉంటుంది. మామూలు మనిషిలో ఐరన్ నిండితే కాలేయం హెప్సిడిన్ అనే హార్మోను వదిలి పేగు తలుపు మూయిస్తుంది. ఇక్కడ మజ్జ గోలకి ఆ హార్మోను తగ్గిపోతుంది, తలుపు బార్లా తెరిచే ఉంటుంది. అన్నం, పప్పు, ఆకుకూరల్లో ఉన్న ఐరనే ఏళ్ళ తరబడి లోపల చేరిపోతుంది.

ఇప్పుడు ఆ తలుపు దగ్గరికి భోజనం కాగానే 1000 సి వచ్చిందనుకోండి. కూడులోని ఐరన్ ఎక్కువ భాగం పేగు పీల్చుకోలేని రూపంలో ఉంటుంది. విటమిన్ సి దాన్ని పీల్చుకోగలిగే రూపంలోకి మార్చి కరిగించి పెడుతుంది. ఇందాక "పేగులోనే మిగిలిపోయిన ముక్క" అన్నాను చూశారా, అది అక్కడ ఊరికే కూర్చోదు. రక్తహీనత ఉన్న మామూలు మనిషికి ఇది వరం. మీ తమ్ముడికి శాపం.

ఫెరిటిన్ జ్వరానికి పెరిగే మాట నిజమే, డ్యూటీ డాక్టరు అక్కడ తప్పు చెప్పలేదు. అందుకే రక్తంలో ఐరన్ మోసే ప్రొటీను ఎంత నిండిందో చెప్పే ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ కూడా చేయించి, జ్వరం లేనప్పుడు ఫెరిటిన్ మళ్ళీ చూడాలి. కానీ ఈ జబ్బులో ఫెరిటిన్ అసలు లెక్కని తక్కువ చేసి చూపిస్తుంది. అదే 940 ఉన్న తలసీమియా మేజర్ మనిషి కన్నా ఇంటర్మీడియా మనిషి కాలేయంలో ఐరన్ ఎక్కువ ఉండొచ్చు. అందుకే వీళ్ళలో 800 దాటగానే ఐరన్ తీసే మందు గురించి ఆలోచించమంటారు. కాలేయంలో ఎంతుందో ఎమ్మారైతో కొలుస్తారు, అది అడగండి.

నాని_గాజువాక
ఒలమ్మో. టానిక్కూ, బిళ్ళా రెండూ ఈ రాత్రే తీయించేస్తాను. టీ తాగితే ఐరన్ పట్టదంటారు, నిజమా?

పాత_ల్యాబ్_మనిషి
నిజమే, భోజనంతో పాటు తాగితే. ఇంటర్మీడియా వాళ్ళకి డాక్టర్లు చెప్పేదే. ఉన్న ఐరన్‌ని అది తీసేయదు, కొత్తగా వచ్చేదాన్ని కొంచెం తగ్గిస్తుంది, అంతే. జామకాయలూ నిమ్మకాయలూ మాన్పించకండి, భోజనంతో కలపకుండా తినమనండి.

ఇక పద్మజగారూ, మీ డాక్టరుగారు తప్పు రాయలేదు. ఐరన్ పేరుకున్న ఒంట్లో విటమిన్ సి త్వరగా ఖర్చయిపోతుంది, చాలామంది పిల్లలకి లోటే ఉంటుంది. లోటుంటే పంపు మందుకి ఐరన్ సరిగ్గా అందదు. కొంచెం సి ఇస్తే నిలవలో దాక్కున్న ఐరన్ బయటికొస్తుంది, మందు దాన్ని పట్టుకుని మూత్రంలోకి పంపుతుంది. చిక్కు ఎక్కడంటే, ఎక్కువ సి ఇస్తే మందు పట్టుకోగలిగినదాని కన్నా ఎక్కువ ఐరన్ ఒక్కసారిగా బయటపడి గుండెని తాకుతుంది. పెద్ద మోతాదులు ఇచ్చినప్పుడు గుండె పనితీరు పడిపోయిన సందర్భాలున్నాయి. అందుకే ముందు నెల రోజులైనా పంపు సక్రమంగా నడిచాకే సి మొదలెడతారు, పెద్దవాళ్ళకైనా రోజుకి 200 దాటనివ్వరు, గుండె బలహీనంగా ఉంటే అసలివ్వరు. పంపు పెట్టని రోజు ఏం చేయాలన్నది మీ డాక్టరుగారినే అడగండి.

పద్మజ_అక్కయ్యపాలెం
పంపు పెట్టిన రోజే వేయమన్నారు. ఎందుకో ఇన్నాళ్ళూ తెలీదు. పోయిన పండక్కి మా ఆడపడుచు బలం వస్తుందని 500 బిళ్ళలు తెచ్చి పాపకిస్తానంది. నేను మొహమాటంగా వద్దన్నాను, ఆవిడ ముఖం ముడుచుకుంది. ఇప్పుడు ఈ పేజీ ఆవిడకి పంపుతాను.

మూర్తి_మెడికల్స్
ఇంకో మాట. మెరుపు కోసం సెలైన్‌లో సి ఎక్కించుకోవడం ఊళ్ళో మొదలైంది. బిళ్ళకైతే పేగు గేటుంది. నరానికి ఎక్కిస్తే గేటే లేదు కదా?

పాత_ల్యాబ్_మనిషి
లేదు. మొత్తం రక్తంలోకే, మొత్తం కిడ్నీ మీదకే. ఎర్ర కణాలని కాపాడే జి6పిడి అనే ఎంజైము లోపం ఉన్నవాళ్ళకి ఎర్ర కణాలు పగిలిపోవచ్చు కూడా. అది వేరే చర్చ పెట్టండి, ఇక్కడ కలిపితే స్వాతిగారి ప్రశ్న కొట్టుకుపోతుంది.

స్వాతిగారూ, 24 గంటల మూత్రం ఇవ్వాలనుకుంటే రెండుసార్లు ఇవ్వండి, బిళ్ళలు వాడుతున్నప్పుడు ఒకసారి, ఆపిన నెల తర్వాత ఒకసారి. ల్యాబులో ఆసిడ్ వేసిన డబ్బా ఇమ్మని గట్టిగా అడగండి. ఉత్త డబ్బాలో పడితే మూత్రంలోని విటమిన్ సి ఆ డబ్బాలోనే ఆక్సలేట్‌గా మారుతుంది. అప్పుడు నాన్నగారి ఒంట్లో తయారైందెంతో, డబ్బాలో తయారైందెంతో విడదీయలేం. మా ల్యాబులో కొన్నేళ్ళు ఈ తప్పు జరిగింది, ఎన్ని రిపోర్టులు అలా వెళ్ళాయో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

స్వాతి_మధురవాడ
(రెండు నెలల తర్వాత)
అప్‌డేట్ ఇస్తున్నాను. మొదటి ల్యాబులో ఆసిడ్ డబ్బా అంటే నా మొహం చూశారు. రెండో చోట దొరికింది. బిళ్ళలతో ఉన్నప్పుడు 24 గంటల ఆక్సలేట్ 58 మి.గ్రా., మూత్రం మొత్తం 1.1 లీటరు. బిళ్ళలు మానేశాక ఐదు వారాలకి ఆక్సలేట్ 37, మూత్రం 2.3 లీటర్లు. ల్యాబు వాళ్ళ హద్దు 45. సాయంత్రం లూజు మోషన్లు మొదటి వారంలోనే ఆగిపోయాయి, పాపం ఆ టిఫిన్ బండి వాణ్ణి అనవసరంగా అనుమానించాం.

డాక్టరుగారికి రెండు కాగితాలూ చూపించాం. బిళ్ళలు మళ్ళీ వద్దన్నారు. యార్డుకి రెండు లీటర్ల సీసా పట్టుకెళ్ళి, మధ్యాహ్నానికి ఒకటి ఖాళీ చేసి మళ్ళీ నింపుకోమన్నారు. రాయి పడిందని మేం పాలూ పెరుగూ మాన్పించేశాం కదా, దానికి కోప్పడ్డారు. భోజనంలో కాల్షియం ఉంటే ఆక్సలేట్‌ని పేగులోనే పట్టేస్తుందట, పెరుగన్నం మొదలెట్టమన్నారు.

సుబ్బారావు_సీతమ్మధార
చూశారా, మూత్రం కూడా రెట్టింపైంది. రాయి నీళ్ళు చాలకే పడిందని మొదట్లోనే అన్నాను.

పాత_ల్యాబ్_మనిషి
నీళ్ళ వాటా ఉంది, కాదనను. కానీ నీళ్ళు తాగితే ఆక్సలేట్ పలచబడుతుంది, రోజు మొత్తానికి 58 కాస్తా 37 అవ్వదు. అది బిళ్ళ ఆపినందుకే తగ్గిందని నా అభిప్రాయం. తిండి కూడా మారి ఉంటే అదీ కలిసి ఉండొచ్చు. ఆ రాయి ఏ లెక్కన పుట్టిందో ఇప్పుడెవరూ చెప్పలేరు.

స్వాతి_మధురవాడ
తిండి మారింది. ఆ నెలలో అమ్మ పాలకూర పప్పు కూడా మానేసింది. అది చెప్పడం మర్చిపోయాను.

పాత_ల్యాబ్_మనిషి
అయ్యో. పాలకూరలో ఆక్సలేట్ దండిగా ఉంటుంది. అయితే 21 మి.గ్రా. తేడాలో ఎవరి వాటా ఎంతో నేను పంచలేను.

నాని_గాజువాక
మా తమ్ముడికి ఎమ్మారై వచ్చే మంగళవారం. శాచురేషన్ 78 శాతం వచ్చింది. బిళ్ళా, టానిక్కూ మానీసి ఏడు వారాలైంది. ఫెరిటిన్ ఏమాత్రం తగ్గలేదు.

పాత_ల్యాబ్_మనిషి
తగ్గదు నాని. మానేస్తే కొత్తగా చేరేది తగ్గుతుంది, ఏళ్ళుగా చేరింది మందు లేకుండా కదలదు. మంగళవారం రిపోర్టులో కాలేయం ఐరన్ గ్రాముకి ఎన్ని మిల్లీగ్రాములో రాస్తారు. మందు మొదలెట్టే హద్దు 5, అది దాటిందా లేదా అన్నది చూసి ఇక్కడ పెట్టు.